50వ పలకను ఎటు వదలాలి?

*సార్, మా లెక్కల కాగితం ఫొటో తీసి పంపుతున్నాను. పొదలకూరు మార్కెట్‌కు వచ్చే నిమ్మకాయల్లో 10 శాతం మచ్చ కాయలట. 400 కాయలు తీసి చూస్తే వచ్చే మచ్చ కాయల సంఖ్య X. దాని మీద 50తో ఒక సంభావ్యత అడిగారు. నాకు 0.0475 వచ్చింది. నా ఫ్రెండ్ 0.5 తీసేసి చేస్తే 0.0571 వచ్చింది. వెనక పేజీలో జవాబు 0.0401 అని ఉంది. ఇంతకీ ఆ 0.5 ఎప్పుడు కలపాలి, ఎప్పుడు తీసేయాలి? శాంపిల్ పెద్దదైతే అదసలు అక్కర్లేదని మా సీనియర్ అంటోంది. పరీక్ష దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.*
*— డిగ్రీ విద్యార్థిని, కావలి*

అమ్మా, నీ ఫొటోను ఫోన్లో పెద్దది చేసి చూశాను. కాగితం సరిగ్గా ఆ ప్రశ్న మీదే మడత పడింది. Xకీ 50కీ మధ్య ఉన్న గుర్తులో పై కొక్కెం బాగానే కనబడుతోంది. దాని కింద ఉన్నది గీతో, మడత నీడో చెప్పడం కష్టం. నీ ఫ్రెండ్ దాన్ని గీత అనుకుని P(X ≥ 50) చేసింది. కాగితం తయారు చేసినవాళ్లు అడిగింది P(X > 50). ఆ సంగతి నాకు ఫొటో చెప్పలేదు, వెనక పేజీలోని 0.0401 చెప్పింది. అదెలాగో కాసేపట్లో చెప్తాను.

నీ ఫ్రెండ్ తను చదివిన ప్రశ్నకు సరైన జవాబే రాసింది. వెనక పేజీ జవాబూ దాని ప్రశ్నకు సరైనదే. నీ 0.0475 మాత్రం ఆ రెండింటిలో దేనికీ చెందదు. నువ్వు కూడికల్లో ఎక్కడా తప్పలేదు. సగటు 400 × 0.1 = 40, వేరియెన్స్ 400 × 0.1 × 0.9 = 36, స్టాండర్డ్ డీవియేషన్ 6. ఇవన్నీ ఫొటో మూలన నీ చేతిరాతలో సరిగ్గానే ఉన్నాయి. తప్పు జరిగింది ఆ తర్వాతి మెట్టులో, 50ని ఉన్నదున్నట్టు నార్మల్ గీత మీదికి తీసుకెళ్లిన చోట.

అసలు నార్మల్ దాకా ఎందుకు పోతున్నాం? ఈ లెక్కను బైనామియల్ సూత్రంతో నేరుగా చేయాలంటే 51 నుంచి 400 దాకా ఒక్కో సంఖ్యకూ ఒక్కో పదం రాయాలి, ప్రతి పదంలోనూ 400! ఉంటుంది. ఆ సంఖ్య ఒక్కటే 869 అంకెల పొడవు. చేత్తో లెక్కలు వేసుకున్న కాలంలో ఈ బాధ తప్పించుకోవడానికే డి మూవర్ 1733లో నాణెం ఎగరేసే లెక్కకు, అంటే p సగం ఉన్నప్పటికి, ఈ దారి కనిపెట్టాడు. p ఎంతైనా పనిచేసేలా దాన్ని ఆ తర్వాత లప్లాస్ విస్తరించాడు. చరిత్ర ఇంతటితో చాలు.

ఇప్పుడు మార్కాపురం పలకలు ఊహించుకో. ఒక్కో పలక వెడల్పు సరిగ్గా 1. వాటిని గోడవారగా, సందు లేకుండా, పక్కపక్కన నిలబెట్టారు. ప్రతి పలక మీదా ఒక అంకె ఉంది: 0, 1, 2, అలా 400 దాకా. పలక ఎత్తు ఆ సంఖ్యకున్న సంభావ్యత. వెడల్పు 1 కాబట్టి పలక వైశాల్యం కూడా అదే. 40 దగ్గర పలకలు బాగా ఎత్తుగా ఉంటాయి, రెండు పక్కలకూ పోయేకొద్దీ పొట్టివవుతాయి. బైనామియల్ అంటే ఈ పలకల వరస. నార్మల్ అంటే వాటి తలల మీదుగా నున్నగా గీసిన ఒక వంపు గీత.

50 అని రాసిన పలక ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? అంకె పలక మధ్యలో ఉంది, వెడల్పు 1. కాబట్టి ఎడమ అంచు 49.5, కుడి అంచు 50.5. ఈ ఒక్క వాక్యమే కంటిన్యుటీ కరెక్షన్. మిగతాదంతా దీన్ని పట్టుకుని పోవడమే.

కాయలను లెక్కపెట్టేటప్పుడు ఒక కాయ ఉంటుంది, లేదా ఉండదు. మచ్చ కాయలు 50 వస్తాయి, 51 వస్తాయి, 50.3 రావు. అంటే పలకల వరసను రెండుగా విడదీయాలంటే కత్తి రెండు పలకల మధ్య అంచు మీదే పడాలి. నువ్వు 50 దగ్గర కత్తి పెట్టావు. అది 50వ పలకను నిలువునా రెండు ముక్కలు చేసింది, సగం నీ లెక్కలోకి వచ్చింది, సగం బయట పడింది. 50 కాయలు రావడమనే సంఘటన సగం జరిగిందని అర్థం ఉండదు కదా.

ఇప్పుడు మూడు జవాబులనూ ఒక వరసలో పెట్టి చూద్దాం. నీ దగ్గరున్నది 0 నుంచి z వరకు వైశాల్యం ఇచ్చే పట్టిక. కాబట్టి కుడి తోక కావాలంటే 0.5లోంచి పట్టికలోని విలువను తీసేయాలి. నువ్వూ అలాగే చేశావు.

50వ పలకను కలుపుకోవాలంటే కత్తి దాని ఎడమ అంచు మీద పడాలి. z = (49.5 − 40)/6 = 1.58. పట్టికలో 0.4429. తోక 0.5 − 0.4429 = 0.0571. ఇది నీ ఫ్రెండ్ జవాబు.

50వ పలకను వదిలేసి 51 నుంచి మొదలుపెట్టాలంటే కత్తి కుడి అంచు మీద పడాలి. z = (50.5 − 40)/6 = 1.75. పట్టికలో 0.4599. తోక 0.0401. ఇది వెనక పేజీ జవాబు.

ఈ రెండింటికీ తేడా 0.0170. ఆ తేడా ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు, అది 50వ పలక వైశాల్యమే. అంటే సరిగ్గా 50 మచ్చ కాయలే రావడానికి ఉన్న సంభావ్యత. (zని రెండు దశాంశాలకు కుదించకుండా చేస్తే 0.0166 వస్తుంది. పట్టికతో ఈ మాత్రం తేడా మామూలే.) నీ జవాబుకు z = (50 − 40)/6 = 1.67, తోక 0.0475. అది 0.0571కీ 0.0401కీ నడుమ పడింది. పలక మధ్యలో కోస్తే నడుమ కాక ఇంకెక్కడ పడుతుంది?

ఇంకోటి గమనించు. నీ పద్ధతిలో చేస్తే ≥ కైనా > కైనా ఒకటే జవాబు వస్తుంది. గీత ఉందో లేదో నీ లెక్కకు పట్టనే పట్టదు. నార్మల్ గీత మీద ఒక్క బిందువుకు వైశాల్యం సున్నా కాబట్టి అలా జరుగుతుంది. P(X = 50) అడిగితే ఆ దారిలో సున్నా వస్తుంది, కాయల లెక్కలో మాత్రం అది సున్నా కాదు.

వెనక పేజీ జవాబు నుంచి గుర్తును ఎలా పట్టుకున్నానో ఇప్పుడు నీకు తెలిసే ఉంటుంది. 0.5 − 0.0401 = 0.4599. పట్టికలో దాన్ని వెతికితే z 1.75. దాన్ని 6తో గుణిస్తే 10.5, దానికి 40 కలిపితే 50.5. అంటే కత్తి 50వ పలకకు కుడివైపున పడింది. 50 బయట ఉంది. కాబట్టి గుర్తు >. నేను ఒంగోలులో పాఠాలు చెప్పే రోజుల్లో సైక్లోస్టైల్ కాగితాల మీద ≥ కింది గీత తరచుగా మాయమయ్యేది. ఒకసారి క్లాసంతా రెండు వర్గాలై పోట్లాడుకుంటుంటే, జవాబు వైపు నుంచి వెనక్కి నడిచి చూడకుండా ఇద్దరినీ తిట్టాను. ఆ తర్వాతే ఈ అలవాటు చేసుకున్నాను.

ఇక కలపాలా తీసేయాలా అన్న ప్రశ్న. దాన్ని బట్టీ పట్టొద్దు. "ఎక్కువైతే కలుపు, తక్కువైతే తీసెయ్" అని కొందరు నేర్పుతారు. నీ ఫ్రెండ్ లెక్కే చూడు. "50, అంతకంటే ఎక్కువ" అన్నప్పుడు తీసేయాల్సి వచ్చింది. దాని బదులు కాగితం మీద, లెక్కలోకి వచ్చే మొదటి పలక నంబరు ఏది, చివరి పలక నంబరు ఏది అని రాసుకో. మొదటి పలకకు ఎడమ అంచు, చివరి పలకకు కుడి అంచు. X > 50 అయితే మొదటి పలక 51, దాని ఎడమ అంచు 50.5. X < 30 అయితే చివరి పలక 29, దాని కుడి అంచు 29.5. ఇక తప్పడానికి చోటుండదు.

అసలు చిక్కంతా పలక నంబరు రాసుకోవడంలోనే ఉంది, ఎందుకంటే ప్రశ్న మాటల్లో వస్తుంది. "కనీసం 50" అంటే 50 లోపలే ఉంది. "50కి తక్కువ కాకుండా" అన్నా అంతే. "50కి మించి", "50 దాటితే" అంటే 51 నుంచి. "50కి మించకుండా", "50 వరకు", "గరిష్ఠంగా 50" అంటే 50వ పలకే చివరిది. ఇవన్నీ తేలికే. నన్ను భయపెట్టేది "50 లోపు". ఐదేళ్ల లోపు పిల్లలకు టికెట్ లేదంటే సరిగ్గా ఐదు నిండిన పిల్లాడి సంగతేమిటని బస్సులో తల్లికీ కండక్టర్‌కీ ఎప్పుడూ గొడవే. భాషలోనే తేలని సంగతిని లెక్క తేల్చదు. పరీక్షలో "లోపు" వస్తే, దాన్ని నువ్వు < అని తీసుకున్నావో ≤ అని తీసుకున్నావో ఒక వరసలో రాసి మొదలుపెట్టు. దిద్దేవాళ్లకు నీ పలక ఏదో తెలుస్తుంది. "35కీ 45కీ మధ్య" అన్నా ఇదే తంటా. రెండు చివరలూ కలుస్తాయా లేదా అని అక్కడే తేల్చుకోవాలి.

ఆ 35, 45 లెక్కను కూడా ఒకసారి చేసి చూపిస్తాను, ఎందుకంటే మీ సీనియర్ మాటకు జవాబు అందులోనే ఉంది. రెండు చివరలూ కలుస్తాయనుకుందాం. మొదటి పలక 35, ఎడమ అంచు 34.5. చివరి పలక 45, కుడి అంచు 45.5. సగటు నుంచి ఇటు 5.5, అటు 5.5. z = 5.5/6 = 0.92. పట్టికలో 0.3212, రెండు పక్కలా కలిపి 0.6424. కరెక్షన్ చేయకపోతే z = 5/6 = 0.83, పట్టికలో 0.2967, రెండింతలు 0.5934. అంటే జవాబులో దాదాపు 0.05 ఎగిరిపోయింది. ఎందుకింత? కత్తి రెండు చోట్ల తప్పు పడింది. 35వ పలకలో సగం, 45వ పలకలో సగం పోయాయి. పైగా ఇవి వరస మధ్యన ఉన్న ఎత్తైన పలకలు. 50 దగ్గరవి పొట్టివి కాబట్టి అక్కడ సగం పోయినా అంతగా కనబడలేదు.

ఇక్కడ శాంపిల్ 400. ఎవరిని అడిగినా పెద్దదే అంటారు. అయినా 0.05 తేడా వచ్చింది. మీ సీనియర్ చూడాల్సింది శాంపిల్ సైజును కాదు, స్టాండర్డ్ డీవియేషన్ ముందు ఆ అర పలక ఎంత అన్నదాన్ని. ఇక్కడ 0.5/6, అంటే zలో 0.08 కదులుతుంది. పట్టికలో ఎనిమిది గడులు జరగడం చిన్న విషయం కాదు. అదే 10,000 కాయలు తీసుకుంటే స్టాండర్డ్ డీవియేషన్ 30 అవుతుంది. 0.5/30 అంటే zలో 0.02 కూడా కదలదు. అప్పుడు మీ సీనియర్ మాట నిజమే, వదిలేసినా పెద్ద నష్టం లేదు. అయితే పరీక్షలో "కంటిన్యుటీ కరెక్షన్ ఉపయోగించి" అని ఉంటే ఎంత చిన్నదైనా చేయాలి.

కరెక్షన్ చేస్తే జవాబు ఖచ్చితమైపోతుందని మాత్రం అనుకోకు. ఫోన్లో స్ప్రెడ్‌షీట్ ఉంటే ఈ నాలుగు వరసలు కొట్టి చూడు:

```
=1-BINOM.DIST(50,400,0.1,TRUE)
=1-NORM.DIST(50.5,40,6,TRUE)
=BINOM.DIST(29,400,0.1,TRUE)
=NORM.DIST(29.5,40,6,TRUE)
```

మొదటిది P(X > 50)కి అసలు విలువ, రెండోది మన నార్మల్ జవాబు. మూడోది P(X < 30)కి అసలు విలువ, నాలుగోది దాని నార్మల్ జవాబు. BINOM.DIST ఎప్పుడూ ఇచ్చిన సంఖ్యను కలుపుకునే కూడుతుంది. అందుకే మొదటి వరసలో 50, మూడో వరసలో 29. ≥ 50 కావాలంటే మొదటి వరసలో 49 పెట్టాలి. చాలామంది అక్కడ 50 పెట్టి, మళ్లీ అదే పలక దగ్గర జారిపడతారు.

నార్మల్ రెండు వైపులా 0.0401 ఇస్తుంది, ఎందుకంటే దానికి కుడి ఎడమలు ఒకటే. అసలు విలువలు చూస్తే కుడివైపు సుమారు 0.044, ఎడమవైపు సుమారు 0.036. p సగానికి దూరంగా, 0.1 దగ్గర ఉంది కాబట్టి పలకల వరస కుడివైపు కాస్త సాగి ఉంటుంది. కరెక్షన్ కత్తిని సరైన చోట పెడుతుంది, అంతే. వరస ఒక పక్కకు సాగి ఉండడాన్ని అది సరిచేయలేదు. ఇక్కడే నీకు కొంచెం సంతోషం కలిగించే సంగతి ఉంది. P(X > 50)కి నీ 0.0475 అసలు విలువకు ఎంత దూరమో, 0.0401 కూడా దాదాపు అంతే దూరం, అది ఎగువన, ఇది దిగువన. అది నీ పద్ధతి గొప్పతనం కాదు, రెండు తప్పులు ఒకదానికొకటి ఎదురై కొంత కొట్టేసుకున్నాయి. ≥ 50 అయితే అసలు విలువ సుమారు 0.060. అక్కడ నీ ఫ్రెండ్ 0.0571 దగ్గరగా నిలబడింది, నీ 0.0475 చాలా వెనకబడిపోయింది. 35 నుంచి 45 దాకా లెక్కలో అయితే రెండు పక్కల సాగుడూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని, కరెక్షన్ చేసిన జవాబు అసలు విలువకు బాగా దగ్గరగా, 0.64 దగ్గర వస్తుంది.

నార్మల్ వాడొచ్చా లేదా అని ముందు చూసుకునే నియమం నీకు తెలిసిందే: np, nq రెండూ కనీసం 5 ఉండాలి, కొన్ని పుస్తకాలు 10 అడుగుతాయి. ఇక్కడ 40, 360, ఇబ్బంది లేదు. 1,000 కాయలు, p 0.002 అని ఇస్తే శాంపిల్ పెద్దదే గానీ np 2 మాత్రమే. వరస సున్నా గోడకు ఆనుకుని నిలబడుతుంది, ఎడమవైపు తోకకు చోటే ఉండదు. అక్కడ అర పలకలు సర్దుకుంటూ కూర్చోవద్దు, పాయిజాన్ డిస్ట్రిబ్యూషన్‌కు పోవాలి.

ఒక మాట లెక్కకు బయటిది. మీ కాగితం రాసినవాళ్లు ప్రతి కాయా మిగతావాటితో సంబంధం లేకుండా మచ్చ పడుతుందని అనుకున్నారు. నిమ్మతోట ఉన్న ఏ రైతునైనా అడిగి చూడు. గజ్జి తెగులు పట్టిన చెట్టు కాయలన్నీ ఒకే బస్తాలో పడితే ఆ బస్తా నిండా మచ్చలే, పక్క బస్తా శుభ్రంగా ఉంటుంది. అప్పుడు సగటు 40 అయినా, స్టాండర్డ్ డీవియేషన్ 6 కంటే ఎక్కువవుతుంది, 50 దాటే బస్తాలు మన లెక్క చెప్పినదానికంటే తరచుగా వస్తాయి. 400 కాయలనూ రాశి నలుమూలల నుంచీ కలిపి తీస్తే మన లెక్కకు కాస్త దగ్గరవుతుంది. పరీక్షలో ఇది రాయాల్సిన పని లేదు. మార్కెట్‌లో నిలబడి లెక్క వేసేవాడికి మాత్రం అర పలక కంటే ఇదే పెద్ద తలనొప్పి.

నీ ఫొటోలో కింది భాగాన రెండో ప్రశ్న కూడా సగం కనబడుతోంది. దాని మీదా అదే మడత నీడ. "30" అన్న అంకె, దాని పక్కన "లోపు" అన్న మాట కనబడ్డాయి, మిగతాది చదవలేకపోయాను. కాగితాన్ని ఏదైనా పుస్తకం కింద రాత్రంతా పెట్టి, పొద్దున కిటికీ దగ్గర పగటి వెలుతురులో, ఫోన్ నీడ పడకుండా నిటారుగా ఇంకో ఫొటో తీసి పంపు. వెనక పేజీ కూడా పంపు. ఆ ప్రశ్న రాసినవాళ్లకు 30వ పలక లోపలో బయటో అక్కడి నుంచే పట్టుకుందాం.